గత ప్రతిఫలం: జరిగిపోయిన పని వాగ్దానాన్ని ఎందుకు నిలబెట్టలేదు?

1. ఉపోద్ఘాతం

ఆంగ్ల న్యాయశాస్త్రంలో కన్సిడరేషన్ అని వ్యవహరించే భావనకు తెలుగు న్యాయ పరిభాషలో ‘ప్రతిఫలం’ అనే పదం స్థిరపడింది. ఈ పదం తెలుగు పాఠకునికి కొత్తది కాదు. అయితే ఆ పరిచయమే ఒక చిక్కును కూడా తెచ్చిపెడుతుంది. నిత్యవ్యవహారంలో ప్రతిఫలం అంటే చేసిన పనికి తరువాత దక్కే ఫలం. ఆపదలో ఆదుకున్న పొరుగువానికి కృతజ్ఞతతో యాభైవేల రూపాయలు ఇస్తానని ఎవరైనా మాట ఇస్తే, ఆ యాభైవేలనే లోకం ప్రతిఫలం అంటుంది. న్యాయస్థానం మాత్రం చూపును రెండో వైపుకు తిప్పుతుంది. యాభైవేలు ఇస్తానన్నది వాగ్దానం. ఆ వాగ్దానానికి బదులుగా వాగ్దాత ఏమి పొందాడు, లేదా అతని కోరికపై అవతలి వ్యక్తి ఏమి వదులుకున్నాడు అన్నది ప్రశ్న. ఆ బదులునే చట్టం ప్రతిఫలం అంటుంది.

ఈ దిశామార్పును గుర్తిస్తే గత ప్రతిఫల సిద్ధాంతంలోని చిక్కుముడి సగం విడిపోతుంది. పొరుగువాడు చేసిన సాయం వాగ్దానానికి ముందే ముగిసిపోయింది. దానిని ఆ వాగ్దానానికి ‘బదులు’ అనవచ్చునా? అనరాదని ఆంగ్లేయ న్యాయం సాధారణ నియమంగా చెప్పింది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 అదే ప్రశ్నకు కొంత భిన్నమైన సమాధానం ఇచ్చింది. రెండు సమాధానాలకూ కీలకం పని జరిగిన కాలం ఒక్కటే కాదనీ, ఆ పని ఎవరి కోరికపై, ఎవరి కోసం జరిగిందన్నది కూడా అంతే ముఖ్యమనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది.

2. నియమం, దాని హేతువు

గత ప్రతిఫలం అంటే వాగ్దానం పుట్టకముందే, ఆ వాగ్దానంతో సంబంధం లేకుండా పూర్తయిన పని. దీనిని, వాగ్దానం తరువాత జరిగిన పని నుండి వేరుచేసి చూడాలి. తప్పిపోయిన ఆవును తెచ్చి ఇచ్చినవారికి వెయ్యి రూపాయలు ఇస్తానని యజమాని చాటింపు వేయించాడు. ఆ చాటింపు విన్న వ్యక్తి ఆవును వెదకి తెచ్చాడు. అతడు డబ్బు అడిగే సమయానికి పని ముగిసే ఉంటుంది. అయినా అది గత ప్రతిఫలం కాదు. వాగ్దానం ముందు వచ్చింది, పని దానికి స్పందనగా జరిగింది. చాటింపు ఏదీ లేనప్పుడు ఆవును తోలుకువచ్చి అప్పగించిన మరుసటి రోజు యజమాని వెయ్యి ఇస్తానంటే, అక్కడ ఈ సిద్ధాంతం తలెత్తుతుంది.

దీనికి పాఠ్యగ్రంథాలలో తరచు కనిపించే ఉదాహరణ 1842 నాటి రాస్కోర్లా–థామస్ కేసు. ఒక గుర్రం 30 పౌండ్లకు అమ్ముడయింది. అమ్మకం ముగిసిన తరువాత, ఆ గుర్రానికి ఏ లోపమూ దుర్గుణమూ లేవని అమ్మినవాడు హామీ ఇచ్చాడు. తీరా చూస్తే అది పొగరుబోతు గుర్రం. కొన్నవాడు హామీని ఆధారం చేసుకొని దావా వేసి ఓడిపోయాడు. అతడు చెల్లించిన 30 పౌండ్లు గుర్రానికి బదులుగా చెల్లినవి. ఆ సొమ్ము అమ్మకంతోనే ఖర్చయిపోయింది. తరువాత వచ్చిన హామీకి అది రెండోసారి మూల్యం కాజాలదు. హామీ కోసం కొన్నవాడు కొత్తగా ఇచ్చినది ఏదీ లేదు.

గత కార్యం వాగ్దాతపై కనీసం నైతిక బాధ్యతను మోపుతుంది కదా, అది చాలదా అన్న వాదన సహజంగానే వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఈ వాదనకు అనుకూలంగా ఉండేవాడు. 1840 నాటి ఈస్ట్‌వుడ్–కెన్యన్ తీర్పు దానికి తెరదించింది. తండ్రిని కోల్పోయిన ఒక మైనరు బాలికకు సంరక్షకునిగా ఉన్న వ్యక్తి, ఆమె పోషణకూ ఆస్తి బాగోగులకూ 140 పౌండ్లు అప్పు తెచ్చి ఖర్చు పెట్టాడు. యుక్తవయస్సు వచ్చాక ఆమె ఆ అప్పు తీరుస్తానని మాట ఇచ్చింది. పెండ్లయిన తరువాత ఆమె భర్త కూడా అదే మాట ఇచ్చి తప్పాడు. సంరక్షకుని దావా కొట్టివేస్తూ న్యాయస్థానం చెప్పిన కారణం తర్కరీత్యా బలమైనది. మాట ఇచ్చినవాడు దానిని నిలబెట్టుకోవలసిన నైతిక బాధ్యత ప్రతి వాగ్దానంతోనూ పుడుతుంది. నైతిక బాధ్యతే ప్రతిఫలంగా చాలునంటే ప్రతి వాగ్దానానికీ ప్రతిఫలం ఉన్నట్లే అవుతుంది. అప్పుడు ప్రతిఫలం ఉండాలన్న నియమమే మిగలదు.

అంటే ఈ నియమం కృతజ్ఞతను తప్పుపట్టడం లేదు. కృతజ్ఞతతో పలికిన మాటను, బేరంగా కుదిరిన ఒడంబడికను వేరుచేస్తున్నది. మొదటిది దానం వంటిది. దానం చేయదలచినవానికి ఆంగ్లేయ న్యాయంలో వేరే దారి ఉంది: విధివిహితంగా రాసిన ‘డీడ్’ అనే పత్రం ద్వారా ఇచ్చిన వాగ్దానానికి ప్రతిఫలం అవసరం లేదు.

3. మెకార్డిల్ కేసు: రాతలోని కాలం, పని జరిగిన కాలం

ఈ నియమం కుటుంబ వ్యవహారంలో ఎంత కటువుగా పనిచేస్తుందో 1951లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం తీర్మానించిన మెకార్డిల్ కేసు చూపుతుంది. ఒక గృహస్థుడు వీలునామాలో తన ఇంటిని భార్య జీవితకాలం అనుభవించాలనీ, ఆమె తదనంతరం సంతానానికి చెందాలనీ రాశాడు. తల్లి జీవించి ఉండగా కుమారులలో ఒకడు భార్యతో ఆ ఇంట్లో కాపురం ఉన్నాడు. కోడలు తన సొమ్ముతో ఇంటికి మరమ్మతులు, మార్పులు చేయించింది. ఆ పనులన్నీ పూర్తయిన తరువాత, 1945లో, సంతానమంతా ఒక పత్రంపై సంతకాలు చేసి ఆమెకు ఇచ్చారు. ఇంటికి కొన్ని మార్పులూ మెరుగులూ చేయిస్తున్నందుకు ప్రతిఫలంగా, ఆస్తి పంపకం జరిగినప్పుడు అందులోనుండి 488 పౌండ్లు ఆమెకు తిరిగి చెల్లించడానికి అంగీకరిస్తున్నామని దాని సారాంశం. తల్లి మరణానంతరం కోడలు సొమ్ము అడిగింది. మిగిలినవారు నిరాకరించారు.

ఇక్కడ పత్రం ఉంది, సంతకాలున్నాయి, మొత్తం స్పష్టంగా ఉంది, ‘ప్రతిఫలంగా’ అన్న మాట కూడా ఉంది. అంతేకాక పత్రాన్ని మాత్రమే చదివితే పనులు ఇకమీదట జరగవలసి ఉన్నాయనే అర్థం వస్తుంది. ఆ అర్థమే నిజమైతే అది చెల్లుబాటయ్యే కాంట్రాక్టు. కాని న్యాయస్థానం పత్రంలోని క్రియారూపాన్ని బట్టి కాక, వాస్తవంగా పని జరిగిన కాలాన్ని బట్టి నిర్ణయించింది. సంతకాల నాటికి చేయవలసిన పని ఏదీ మిగిలిలేదు. కనుక 488 పౌండ్ల వాగ్దానానికి బదులుగా వాగ్దాతలు పొందినది ఏమీ లేదు. ఈ పత్రాన్ని దానంగా సమర్థించే ప్రయత్నమూ ఫలించలేదు. ప్రతిఫలానికి ఇస్తున్నట్లు రాసుకున్న పత్రాన్ని, ప్రతిఫలం లేదని తేలిన తరువాత దానపత్రంగా మార్చి చదవడానికి న్యాయస్థానం ఒప్పుకోలేదు.

ఈ తీర్పులో అధ్యాపకులు విద్యార్థుల దృష్టికి తేవలసిన అంశం ఒకటుంది. పని ఇంటివారి కోరికపై, డబ్బు తిరిగి వస్తుందన్న ఉమ్మడి అవగాహనతో మొదలయిందని కోడలు నిరూపించగలిగి ఉంటే, తేదీల క్రమం అదే అయినా ఫలితం మారే అవకాశం ఉండేది. అందుకు ఆధారం మెకార్డిల్ కేసుకు మూడు శతాబ్దాల పూర్వపు తీర్పులో ఉంది.

4. కోరికపై జరిగిన పని

1615 నాటి లాంప్లీ–బ్రేత్‌వెయిట్ కేసులో, ఒక మనిషిని చంపిన నేరానికి గురైన బ్రేత్‌వెయిట్ తనకు రాజు నుండి క్షమాభిక్ష సంపాదించి పెట్టమని లాంప్లీని కోరాడు. లాంప్లీ స్వంత ఖర్చులతో రాజు ఉన్న చోట్లకు ప్రయాణాలు చేసి అందుకు పాటుపడ్డాడు. తరువాత బ్రేత్‌వెయిట్ 100 పౌండ్లు ఇస్తానని మాట ఇచ్చి తప్పాడు. పని వాగ్దానానికి ముందే జరిగినా న్యాయస్థానం లాంప్లీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. పనికి ముందు కోరిక ఉన్నది. తరువాత వచ్చిన వాగ్దానం ఆ కోరికతో జతకూడుతుంది.

కోరిక ఒక్కటే చాలునా? స్నేహితుణ్ణి చిన్న సాయం కోరిన ప్రతివాడూ డబ్బు ఇవ్వడానికి సిద్ధపడినట్లు భావించలేము. 1892 నాటి కేసీ పేటెంట్ల వ్యవహారంలో ఈ లోటును పూరించే వివరణ దొరికింది. పేటెంట్ల నిర్వహణలో ఒక వ్యక్తి చేసిన సేవలకు, వాటి యజమానులు తరువాత మూడో వంతు వాటా ఇస్తామని రాసి ఇచ్చారు. ఆ సేవల స్వభావమే వాటికి మూల్యం చెల్లించాలన్న అవగాహన మొదటినుండీ ఉన్నదని సూచిస్తున్నదనీ, తరువాతి వాగ్దానం ఆ మూల్యం ఎంత అన్నది మాత్రమే తేల్చిందనీ న్యాయస్థానం భావించింది. 1979లో పావ్ ఆన్–లావ్ యూ లాంగ్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ ధోరణిని మూడు షరతులుగా క్రోడీకరించింది. పని వాగ్దాత కోరికపై జరిగి ఉండాలి. దానికి డబ్బో మరొక ప్రయోజనమో ముడుతుందని ఉభయులూ మొదటినుండీ భావించి ఉండాలి. అదే వాగ్దానం పనికి ముందే చేసి ఉంటే చట్టరీత్యా అమలయ్యేదై ఉండాలి.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఇది నియమానికి మినహాయింపుగా కనిపించినా, అసలు నియమంలోనే ఇమిడి ఉన్నదని తెలుస్తుంది. కోరికతోనే బేరం మొదలయింది, పనితో సగం పూర్తయింది, తరువాతి వాగ్దానం ధరను ఖాయం చేసింది. ఇటువంటి పని క్యాలెండరు ప్రకారం గతమే అయినా, ఒడంబడిక దృష్ట్యా గతం కాదు.

5. భారత చట్టం తీసుకున్న దారి

భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 2(డి) ప్రతిఫలాన్ని నిర్వచిస్తూ మూడు కాలాలనూ పేర్కొంది. వాగ్దాత కోరికపై వాగ్దానగ్రహీత గాని మరొకరు గాని ఒక పనిని చేసి ఉన్నా, చేస్తున్నా, చేస్తానని వాగ్దానం చేసినా అది ప్రతిఫలమే. పని చేయకుండా మానుకోవడమూ అంతే. ‘చేసి ఉన్నా’ అన్న మాట వల్ల, కోరికపై జరిగిన గత కార్యం నిర్వచనంలోనే చోటు సంపాదించింది. మూల్యం ముడుతుందన్న అవగాహన మొదటినుండీ ఉండాలన్న ఆంగ్లేయ షరతు ఈ నిర్వచన పాఠంలో కనిపించదు.

అయితే కాలం విషయంలో ఉదారంగా ఉన్న నిర్వచనం, కోరిక విషయంలో కచ్చితంగా ఉంది. 1880లో అలహాబాదు హైకోర్టు తీర్మానించిన దుర్గా ప్రసాద్–బల్దేవ్ కేసు ఇందుకు ప్రమాణం. వాది కలెక్టరు ఆదేశంపై ఒక బజారును స్వంత ఖర్చుతో కట్టించాడు. అక్కడ వ్యాపారం పెట్టుకున్నవారు, తమ ద్వారా అమ్ముడయ్యే సరుకుపై అతనికి కమిషను ఇస్తామని ఒప్పుకొని, తరువాత మానేశారు. వాది ఖర్చుపెట్టిన మాట నిజం; వ్యాపారులకు లాభం కలిగిన మాటా నిజం. కాని ఆ నిర్మాణం కలెక్టరు ఆదేశం వల్ల జరిగిందే గాని, వాగ్దానం చేసిన వ్యాపారుల కోరికపై జరిగినది కాదు. అందుచేత అది ప్రతిఫలం కాలేదు.

మరి ఎవరూ కోరకుండానే జరిగిన ఉపకారం మాట? సెక్షన్ 25 ప్రతిఫలం లేని ఒడంబడిక చెల్లదని చెబుతూనే మూడు మినహాయింపులు ఇచ్చింది. వాటిలో రెండోది ప్రస్తుత చర్చకు ప్రధానం. వాగ్దాత కోసం స్వచ్ఛందంగా ఇదివరకే ఏదైనా పని చేసిన వ్యక్తికి, లేదా వాగ్దాత చట్టరీత్యా చేయవలసి ఉన్న పనిని చేసిన వ్యక్తికి, పూర్తిగా గాని పాక్షికంగా గాని పరిహారం ఇస్తానన్న వాగ్దానం చెల్లుతుంది. చట్టంలోని దృష్టాంతాలే దీనిని విశదం చేస్తాయి. ఒకడు మరొకని డబ్బుసంచిని కనుగొని తెచ్చి ఇస్తే, పోగొట్టుకున్నవాడు 50 రూపాయలు ఇస్తానని వాగ్దానం చేశాడు. అది కాంట్రాక్టు. ఒకని పసికుమారుణ్ణి మరొకడు పోషిస్తే, తండ్రి ఆ ఖర్చు ఇస్తానని వాగ్దానం చేశాడు. అదీ కాంట్రాక్టే. ఆంగ్లేయ న్యాయంలో మొదటి వాగ్దానానికి గత ప్రతిఫలం తప్ప మరో ఆధారం లేదు.

ఇలా భారత చట్టంలో గత కార్యానికి రెండు ద్వారాలు ఏర్పడ్డాయి. కోరికపై జరిగితే సెక్షన్ 2(డి). కోరకుండా, కాని వాగ్దాత కోసమే జరిగితే సెక్షన్ 25(2). రెండు ద్వారాలకూ వెలుపల నిలిచిపోయేది మూడో రకం: వాగ్దాత కోరనిదీ, వాగ్దాత కోసం కానిదీ అయిన పని. గత ప్రతిఫలం భారతదేశంలో విఫలమయ్యేది ప్రధానంగా ఇక్కడే.

6. ఒక కల్పిత ఉదాహరణ

మెకార్డిల్ కేసు వాస్తవాలను గుంటూరులోని ఒక ఇంటికి అన్వయించి చూడవచ్చు. తండ్రి వీలునామా ప్రకారం ఇల్లు తల్లి జీవితకాలం ఆమె అనుభవంలో ఉండి, తరువాత ముగ్గురు అన్నదమ్ములకు చెందుతుంది. తల్లితో ఉంటున్న పెద్దకోడలు తన పుట్టింటివారిచ్చిన సొమ్ములో అయిదు లక్షలు ఇంటిపై ఖర్చు చేసింది. పనులు ముగిసిన ఏడాదికి ఇద్దరు మరుదులు, పంపకాల నాడు తమ వాటాల నుండి ఆ సొమ్ము ఇస్తామని కాగితం రాసి ఇచ్చారు. తల్లి మరణించిన తరువాత కాదన్నారు. కాగితం ఒక్కటే, నిజంగా జరిగినదేమిటన్న దాన్ని బట్టి ఫలితాలు నాలుగు.

మొదటిది: పనికి ముందే మరుదులు, “వదినా, ముందు మీరు చేయించండి, మేము చూసుకుంటాం” అని కోరారని ఉత్తరాలో సాక్ష్యమో చూపగలిగితే, పని వాగ్దాతల కోరికపై జరిగింది. సెక్షన్ 2(డి) వర్తిస్తుంది; వాగ్దానం నిలుస్తుంది. రెండోది: ఎవరూ కోరలేదు గాని, వాన నీటికి గోడ కూలిపోయే స్థితిలో ఉంటే వారసుల ఆస్తి పాడవకూడదని ఆమె బాగుచేయించింది. పని వారి కోసం స్వచ్ఛందంగా జరిగింది కనుక సెక్షన్ 25(2)ను ఆశ్రయించవచ్చు. మూడోది: తన కాపురపు సౌకర్యం కోసం వంటగదిని మార్పించి, పడకగదులకు కొత్త నేల వేయించింది. ఇంటి విలువ పెరిగి మరుదులు లాభపడినా ఆ పని వారి కోసం చేసినది కాదు. కాగితం నిలవడం కష్టం. నాలుగోది: అత్తగారు కోరితే చేయించింది. కోరిక ఉన్నది గాని అది వాగ్దాతలది కాదు. దుర్గా ప్రసాద్ కేసులో కలెక్టరు ఉన్న చోట ఇక్కడ అత్తగారు నిలిచారు.

పైకి ఒకే రకంగా కనిపించే ఇటువంటి వ్యవహారాన్ని పరీక్షించడానికి కోరిక తేదీ, పని తేదీ, వాగ్దానం తేదీ వరుసగా రాసుకొని, ప్రతి తేదీ పక్కన సంబంధిత వ్యక్తి పేరు రాయడం ఉపకరిస్తుంది. కోరినవాడూ వాగ్దానం చేసినవాడూ ఒకరే అయితే ఇబ్బంది లేదు. కోరిక గడి ఖాళీగా ఉన్నా, అందులో వేరొకరి పేరు ఉన్నా పని ఎవరి కోసం జరిగిందన్న ప్రశ్నకు వెళ్లాలి. కాగితంలో ‘ప్రతిఫలం ముట్టినది’ అని రాసుకోవడం ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

7. మినహాయింపు హద్దులు

సెక్షన్ 25(2) ప్రతి గత ఉపకారాన్నీ కాపాడదు. మైనరుకు ఇచ్చిన అప్పు ఇందుకు నిదర్శనం. సూరజ్ నారాయణ్ దూబే–సుఖూ అహీర్ కేసులో (అలహాబాదు, 1928) మైనరుగా ఉండగా అప్పు తీసుకున్న వ్యక్తి, యుక్తవయస్సు వచ్చాక ఆ పాత అప్పుకే కొత్త పత్రం రాసి ఇచ్చాడు. అది చెల్లదని మెజారిటీ తీర్పు వచ్చింది. మైనరుతో చేసుకున్న ఒడంబడిక మొదటినుండే చెల్లనిది. దానికింద ఇచ్చిన సొమ్ము కొత్త పత్రానికి ప్రతిఫలం కాలేదు. వడ్డీకి అప్పు ఇవ్వడం స్వచ్ఛందంగా చేసిన ఉపకారమూ కాదు.

కాలదోషం పట్టిన అప్పు పరిస్థితి వేరు. అక్కడ అప్పు మొదట చెల్లుబాటైనదే. దావా వేసే గడువు మాత్రమే దాటింది. దానిని తీరుస్తానని రుణగ్రస్తుడు గాని, అధికారం పొందిన అతని ప్రతినిధి గాని రాతపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన వాగ్దానాన్ని సెక్షన్ 25(3) అనుమతిస్తుంది. నోటిమాట చాలదు. దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమానురాగాలతో ఇచ్చే వాగ్దానానికి సెక్షన్ 25(1) మరో దారి. అది రాతలో ఉండి రిజిస్టరు కావాలి. భారతదేశంలో రిజిస్ట్రేషన్ ఒక్కటే ప్రతిఫల లోపాన్ని పూడ్చదు. ఇంగ్లండులోని డీడ్‌కు ఉన్న శక్తి ఇక్కడ రిజిస్టరు పత్రానికి లేదు.

చివరగా సెక్షన్ 70ని కూడా వేరుగా గుర్తించాలి. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకడు న్యాయబద్ధంగా మరొకని కోసం పని చేసి, ఆ రెండోవాడు దాని ప్రయోజనం అనుభవిస్తే, వాగ్దానం లేకపోయినా పరిహారం ఇవ్వవలసి ఉంటుంది. అక్కడ ఆధారం వాగ్దానం కాదు, పొందిన ప్రయోజనం. వాగ్దానం విఫలమైన వాది ఈ సెక్షన్ కింద ప్రయత్నించవచ్చు గాని, అతనికి దక్కేది పని విలువను బట్టి నిర్ణయించే పరిహారమే. మాట ఇచ్చిన మొత్తం కాదు.

8. ముగింపు

గత ప్రతిఫలం చెల్లదన్న సూత్రాన్ని కాలానికి సంబంధించిన నియమంగా మాత్రమే బోధిస్తే, లాంప్లీ కేసూ సెక్షన్ 2(డి)లోని ‘చేసి ఉన్నా’ అన్న మాటా పొంతన లేని మినహాయింపులుగా మిగిలిపోతాయి. పనికీ వాగ్దానానికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని గురించిన నియమంగా దానిని గ్రహిస్తే, రెండూ ఒకే తర్కంలో ఇముడుతాయి. ఆంగ్లేయ న్యాయం ఆ సంబంధాన్ని కోరికలోనూ మూల్యపు అవగాహనలోనూ వెదికింది. భారత చట్టం కోరికను నిర్వచనంలో నిలిపి, కోరని ఉపకారాన్ని ‘వాగ్దాత కోసం’ అన్న షరతుతో ఆదుకున్నది. పెద్దకోడలు ఖర్చు చేసిన అయిదు లక్షలు తిరిగి వస్తాయో రావో చెప్పేది మరుదులు రాసి ఇచ్చిన కాగితంలోని మాటలు కావు. తాపీపని మొదలయ్యే ముందు ఎవరు ఎవరిని ఏమి కోరారన్నది, కోరకపోతే ఆ పని ఎవరి కోసం జరిగిందన్నది.